‘నా కుటుంబం’ బొమ్మల గురించి తల్లిదండ్రులకు ఉత్తరం రాస్తున్నాను, చదివి చెప్పండి

యూకేజీ మిస్ (విజయవాడ)

అందరికీ నమస్కారమండీ. నేను యూకేజీ పిల్లలకు చెబుతాను. అందరూ అయిదు, అయిదున్నరేళ్ల వాళ్లు. ఈ నెల పాఠం ‘నా కుటుంబం’. ఒక్కొక్కరిచేతా ఒక బొమ్మ గీయించి తరగతి గోడకి అంటించాం. శనివారం పేరెంట్స్ మీటింగ్‌కి వచ్చిన ఒక తల్లి తన పాప బొమ్మ చూసి బాగా కంగారుపడ్డారు. అందులో అమ్మమ్మ ఉంది, పాప ఉంది, అమ్మ ఉంది, పిల్లి ఉంది, తమ్ముడు ఉన్నాడు. నాన్న లేడు. ఆవిడ అక్కడే ఫోన్‌లో వెతికితే ‘తండ్రిని గీయని పిల్లలకి తండ్రంటే భయం’ అని ఎక్కడో కనిపించిందట. ఆ రాత్రి ఇంట్లో అమ్మా నాన్నా ఇద్దరూ పాపని కూర్చోబెట్టి ‘నాన్నంటే ఇష్టం లేదా, నాన్న ఏమన్నా అన్నాడా’ అని అడిగారట. సోమవారం పాప వచ్చి నన్ను ‘బొమ్మ తప్పు గీశానా మిస్’ అంది.

ఆ బొమ్మ గీస్తున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను కాబట్టి జరిగింది చెబుతాను. మామూలు ఏ4 కాగితం. ఎడమ అంచు నుంచి మొదలుపెట్టింది. ముందు అమ్మమ్మ. ముడి, ముడిలో పూలు, చీర అంచు, రెండు చేతులకీ గాజులు అన్నీ వేసింది. దాంతోనే కాగితం మూడోవంతు అయిపోయింది. తర్వాత తను, తర్వాత అమ్మ, తర్వాత పిల్లి. అప్పటికి కుడి అంచు వచ్చేసింది. తమ్ముడికి చోటు లేక పిల్లి మీద గాల్లో పెట్టింది. ‘నీ బొమ్మ గురించి చెప్పు’ అన్నాను. అందరి పేర్లూ చెప్పి, ‘నాన్న బండి మీద ఆఫీసుకి వెళ్లాడు, నాకు బండి వేయడం రాదు’ అంది. ఆ మాట అలాగే కాగితం వెనక రాసుకున్నాను. అది చూపించాకే ఆ తల్లి మనసు కుదుటపడింది.

వచ్చే వారం బొమ్మలన్నీ ఇళ్లకి పంపుతున్నాం. వాటితోపాటు ఒక ఉత్తరం పెట్టాలనుకుంటున్నాను. చిత్తుప్రతి ఇది:

‘తల్లిదండ్రులకు నమస్కారం. మీ పిల్లలు గీసిన కుటుంబం బొమ్మ పంపుతున్నాం. అందులో ఎవరైనా లేకపోయినా, చిన్నగా ఉన్నా, దూరంగా ఉన్నా కంగారుపడకండి. ఈ వయసు పిల్లలు తోచినట్టు గీస్తారు. ఆ బొమ్మకు ఏ అర్థమూ ఉండదు. దయచేసి పిల్లల్ని ప్రశ్నించకండి.’

ఇంతకంటే బాగా రాయవచ్చని నాకే అనిపిస్తోంది. సలహా ఇవ్వండి.

---

కడప బాబాయి

అమ్మా, ‘ఏ అర్థమూ ఉండదు’ అని రాయడం నాకు సరిగా లేదనిపిస్తోంది. పిల్లలు ఎవరిని ఎక్కువ ప్రేమిస్తారో వాళ్లని పెద్దగా గీస్తారు, ఎవరంటే పడదో వాళ్లని చిన్నగానో దూరంగానో గీస్తారు. నేను నా మనవళ్లలో చూశాను. నల్ల రంగు ఎక్కువ వాడితే మనసులో దిగులున్నట్టు. సైకాలజిస్టులు కూడా కుటుంబం బొమ్మ గీయించే పరీక్ష పెడతారని చదివాను. అర్థం లేకపోతే వాళ్లెందుకు గీయిస్తారు? మీ తరగతి పాప అమ్మమ్మని అంత పెద్దగా వేసిందంటే ఆ ఇంట్లో ఆమెతోనే ఎక్కువ చనువని తెలుస్తూనే ఉంది కదా.

---

డ్రాయింగ్ మాస్టారు (రాజమండ్రి)

బాబాయి గారూ, చనువు ఉండవచ్చు, కాదనను. కానీ మిస్ గారు చెప్పిన వరస చూడండి. అమ్మమ్మని మొట్టమొదట గీసింది. అప్పటికి కాగితమంతా ఖాళీ. ఈ వయసు పిల్లలు మొత్తం అయిదుగురు పట్టాలి, ఒక్కొక్కరికి ఇంత చోటు అని ముందుగా లెక్క వేసుకోరు. మొదట గీసినవాళ్లు పెద్దగా వస్తారు, చివరివాళ్లు మిగిలిన చోటులో ఇరుక్కుంటారు. తమ్ముడు గాల్లో వేలాడటానికి కారణం అదే.

ఇంకో సంగతి, ఎవరి మీద ఎక్కువ వివరాలు పెట్టాలో వాళ్ల బొమ్మ దానంతటదే పెరుగుతుంది. కళ్లూ ముక్కూ బొట్టూ చెవులకి జూకాలూ పెట్టాలనుకుంటే తల పెద్దదిగా గీసుకోవాలి. ముడీ పూలూ గాజులూ అంచు చీరా ఉన్న అమ్మమ్మకి, చొక్కా లాగూ వేసుకునే తాతయ్యకి మధ్య అంత తేడా రావడానికి ఇది చాలు. నా దగ్గర పిల్లలకి నేను ఒక పని చెబుతాను. అదే కుటుంబాన్ని రెండోసారి ఏ3 కాగితం మీద, ఈసారి వేరేవాళ్లతో మొదలుపెట్టి గీయమంటాను. చాలాసార్లు పెద్దవాళ్లు చిన్నవాళ్లవుతారు, చిన్నవాళ్లు పెద్దవాళ్లవుతారు. ప్రేమ పావుగంటలో మారిపోదు కదండీ.

నలుపు సంగతి. తెల్ల కాగితం మీద పసుపు, లేత గులాబీ కనబడవు. నలుపు, ముదురు నీలం గట్టిగా పడతాయి. గీత స్పష్టంగా కనబడాలని పిల్లలు నలుపు తీస్తారు. బల్లకి ఒకే డబ్బా పెడితే చేతికి ఏది అందితే అది. పక్క పిల్లవాడు ఎరుపు వదలకపోతే ఇవతల పిల్లకి నలుపే మిగులుతుంది. ఏ బల్ల మీద ఏ రంగులున్నాయో చూడకుండా రంగుకి అర్థం చెప్పకూడదు.

---

విశాఖ తీరం

నేను పిల్లల మానసిక ఆరోగ్యం చూసే క్లినిక్‌లో పనిచేస్తాను. బాబాయి గారు చెప్పిన పరీక్ష నిజంగానే ఉంది. బర్న్స్, కాఫ్‌మన్ అనే ఇద్దరు 1970లో పద్ధతి ప్రకారం పెట్టారు. ‘ఇంట్లో అందరూ ఏదో ఒక పని చేస్తున్నట్టు గీయి’ అని పిల్లవాడికి చెబుతారు. ఎవరు ఎవరి పక్కన ఉన్నారు, ఎవరి మధ్య అడ్డు గీత ఉంది, ఎవరు కాగితం అంచున ఉన్నారు అని చూస్తారు. మేమూ గీయిస్తాం. అయితే గీయించేది మాట కలపడానికి. పిల్లవాడు గీస్తూ చెప్పే మాటలు, తల్లిదండ్రులు చెప్పిన చరిత్ర, బడి నుంచి వచ్చిన సమాచారం అన్నీ పక్కన పెట్టుకుని చూస్తాం. ఒక్క కాగితం చూసి ‘ఈ పిల్లవాడికి తండ్రంటే భయం’ అని రాసేవాడి దగ్గరికి మీ పిల్లల్ని తీసుకెళ్లకండి.

ఇలా ఎందుకంటున్నానో చెప్పాలి. 1967లో అమెరికాలో లోరెన్ చాప్‌మన్, జీన్ చాప్‌మన్ అనే దంపతులు ఒక ప్రయోగం చేశారు. మనుషుల బొమ్మలు కొన్ని తీసుకుని, ఒక్కొక్క దాని కింద ‘ఈ బొమ్మ గీసినవాడికి అందరి మీదా అనుమానం’, ‘ఇతను ఇతరుల మీద ఆధారపడతాడు’ లాంటి వాక్యాలు పెట్టారు. ఏ వాక్యం ఏ బొమ్మకి పెట్టాలన్నది ముందే కలగాపులగం చేశారు, అంటే బొమ్మకీ వాక్యానికీ ఏ సంబంధమూ లేదు. సైకాలజీ వృత్తి అనుభవమేమీ లేని కాలేజీ విద్యార్థులకి అవి చూపించి, ఎలాంటివాళ్లు ఎలాంటి బొమ్మలు గీశారో చెప్పమన్నారు. వాళ్లు లేని సంబంధాలను కనిపెట్టారు. అనుమానం ఉన్నవాళ్లు కళ్లు పెద్దగానో వింతగానో గీశారన్నారు. పైగా అవి అప్పటి నిపుణులు తమ అనుభవంలో చూశామని చెబుతున్న సంబంధాలే. కళ్లకీ అనుమానానికీ మన ఆలోచనలో ముందే ముడి ఉంది. అది బొమ్మలో ఉన్నట్టు మనకి కనిపిస్తుంది. ఎన్ని బొమ్మలు చూసినా ఆ భ్రమ పోదు.

కాబట్టి బాబాయి గారూ, మీ మనవళ్ల బొమ్మల్లో మీకు కనిపించింది అబద్ధమని అనను. ఎవరంటే ఇష్టమో మీకు ముందే తెలుసు, తర్వాత బొమ్మ చూశారు. తెలియని పిల్లవాడి బొమ్మ చూసి చెప్పడం వేరే సంగతి. పరిమాణానికీ ఇష్టానికీ సంబంధం ఉందా అని చాలామంది పరీక్షించారు. కొన్నిసార్లు ఉన్నట్టు వచ్చింది, కొన్నిసార్లు రాలేదు. ఒక పిల్లవాడి ఒక బొమ్మ మీద వాడగలిగేంత గట్టి సంబంధం కాదు.

మిస్ గారూ, మీ ఉత్తరంలో ‘ఏ అర్థమూ ఉండదు’ అన్నచోట మాత్రం బాబాయి గారిదే సబబు. అర్థం ఉంటుంది, కానీ అది కాగితం మీద చూస్తే దొరకదు, పిల్ల నోట వినాలి. మీరు కాగితం వెనక రాసిన ఆ ఒక్క వాక్యం, ముందు పక్క ఉన్న బొమ్మకంటే ఎక్కువ చెప్పింది.

---

జగిత్యాల నుంచి దుబాయి

సార్, నా ముచ్చట చెప్త. మా బిడ్డకు అయిదేండ్లు, జగిత్యాల కాడ మా ఊర్ల వాళ్ల అమ్మతోని, నానమ్మతోని ఉంటది. నేను ఏడాదికొకసారి వస్త. పోయిన నెల మా ఆమె వాట్సాప్‌ల బిడ్డ గీసిన బొమ్మ పంపింది. అందరు నిలబడి ఉన్నరు, నన్ను మాత్రం ఒక డబ్బల పెట్టి నాలుగు దిక్కుల గీత గీసింది. కాళ్లు లేవు. రూంల ఉన్న ఒకాయన చూసి, డబ్బల పెట్టిందంటే నిన్ను దూరం చేసుకున్నట్టు అని అన్నడు. నాకు రెండు రోజులు అన్నం తినబుద్ధి కాలే. దీనికి ఏమంటరు?

---

విశాఖ తీరం

తమ్ముడూ, ఆ డబ్బా నిలువుగా ఉందా, అడ్డంగా ఉందా? ఒక మూలన చిన్న సున్నా ఏమన్నా ఉందా? పాప నిన్ను రోజూ ఎక్కడ చూస్తుందో ఆలోచించు.

---

జగిత్యాల నుంచి దుబాయి

నిలువుగ ఉన్నది సార్. మీద ఒక చుక్క ఉన్నది. ఇప్పుడే ఇంటికి ఫోన్ చేసి అడిగిన. ‘డాడీ ఫోన్ల ఉంటడు’ అన్నదట. వీడియో కాల్ల నా కాళ్లు ఎన్నడు కనబడలే, అందుకే గీయలేదు కావచ్చు.

---

విశాఖ తీరం

ఇది అందరూ గమనించాలి. నేను చెప్పిన 1970 పరీక్షలో మనిషి చుట్టూ గీత గీసి వేరుచేయడాన్ని ఒక ముఖ్యమైన గుర్తుగానే రాశారు. దూరం, ఒంటరితనం అని దాన్ని చదివేవారు. అప్పటికి వీడియో కాల్ లేదు. పిల్ల తను చూసింది చూసినట్టు గీసింది. పాత పట్టిక పట్టుకుని చదివితే ఇంత తేడా వస్తుంది.

అలాగని ఆ పాపకి నాన్న దగ్గర లేడన్న బెంగ లేదని కూడా ఈ బొమ్మ చెప్పదు తమ్ముడూ. బెంగ ఉండవచ్చు. అది నువ్వు ఫోన్ పెట్టేసినప్పుడు పాప ఎలా ఉంటుందో వాళ్ల అమ్మని అడిగితే తెలుస్తుంది.

---

అయిదేళ్ల బాబు అమ్మ

క్షమించండి, మధ్యలో వచ్చాను. బొమ్మల గురించి మాట్లాడుతున్నారు కాబట్టి అడుగుతున్నా. మా బాబుకి నిన్ననే అయిదు నిండాయి. మనిషిని గీయమంటే ఇంకా పెద్ద సున్నా గీసి దానికే రెండు కాళ్లు తగిలిస్తాడు. పొట్ట ఉండదు. చేతులు చెవుల దగ్గర నుంచి వస్తాయి. పక్కింటి పాప చక్కగా గౌను, జడలు వేస్తుంది. డ్రాయింగ్ కోచింగ్‌లో చేర్పించమంటారా? తల మాత్రమే గీస్తున్నాడంటే బుద్ధి మాంద్యమేమోనని మా అత్తగారు భయపెడుతున్నారు.

---

డ్రాయింగ్ మాస్టారు (రాజమండ్రి)

అమ్మా, చేర్పించవద్దు. సున్నాకి కాళ్లు పెట్టడం మూడు, నాలుగేళ్లప్పుడు దాదాపు పిల్లలందరూ చేసేదే. కొందరు అయిదు దాటేదాకా అలాగే గీస్తారు. ఈసారి బాబు గీశాక ‘పొట్ట ఎక్కడుంది? బొడ్డు పెట్టు’ అనండి. కొందరు ఆ సున్నాలోనే మూతి కింద పెడతారు, కొందరు రెండు కాళ్ల మధ్య ఖాళీలో పెడతారు. వాళ్ల లెక్కలో పొట్ట ఉంది, దానికి వేరే గీత గీయలేదు, అంతే. మనిషికి పొట్ట ఉంటుందని వాడికి తెలియక కాదు. మాట, నడక, ఆట, తోటివాళ్లతో కలవడం అన్నీ వయసుకి తగ్గట్టు ఉంటే ఈ ఒక్కదాని గురించి ఆలోచించనక్కరలేదు. మాట కూడా బాగా వెనకబడి ఉంటే అప్పుడు పిల్లల డాక్టరుకి చూపించండి, బొమ్మ కోసం కాదు, మాట కోసం.

మిస్ గారూ, ఇది కూడా ఉత్తరంలో రాయండి. ‘నాన్నకి చేతులు గీయలేదు, అంటే నాన్న ఎత్తుకోడు’ అని చదివే తల్లులు ఉన్నారు. ఆ పిల్ల అమ్మకీ, తనకీ కూడా చేతులు గీయలేదని ఎవరూ చూడరు.

---

పేరు వద్దు

నాది వేరే పరిస్థితి. మేం విడిగా ఉంటున్నాం, కేసు నడుస్తోంది. మా అబ్బాయికి ఆరేళ్లు. బడిలో గీసిన కుటుంబం బొమ్మలో నేను, వాడు, మా అమ్మానాన్నలు మాత్రమే ఉన్నాం. మా వారు లేరు. వాడికి తండ్రి అక్కర్లేదనడానికి దీన్ని కోర్టులో పెట్టవచ్చా? టీచర్ గారు సంతకం పెట్టి ఇస్తే ఉపయోగపడుతుందా?

---

విశాఖ తీరం

అమ్మా, మీ కష్టం అర్థమవుతోంది. కానీ ఆ బొమ్మ మీరనుకున్నది చెప్పదు. ఆరేళ్ల పిల్లవాడికి ‘మీ కుటుంబాన్ని గీయి’ అంటే ఎక్కువగా ఆ ఇంట్లో ఇప్పుడు ఎవరున్నారో వాళ్లని గీస్తాడు. వాడు గీసింది మీ ఇల్లు. తండ్రి అక్కడ ఉండటం లేదు కాబట్టి లేడు. అదే పిల్లవాడు ఆదివారం తండ్రి దగ్గర ఉండగా గీస్తే తండ్రి ఉండవచ్చు, మీరు ఉండకపోవచ్చు. అప్పుడు ఆయన ఆ కాగితం కోర్టుకి తెస్తే మీరేమంటారు?

ఇంకొక మాట కూడా చెప్పాలి. బొమ్మ చూసి అమ్మ ముఖం ఎలా మారుతుందో పిల్లలు కనిపెడతారు. తండ్రి లేని బొమ్మకి మెచ్చుకోలు వస్తే రెండోసారి కావాలనే అలా గీస్తారు. దయచేసి వాడిచేత ఇందుకోసం మళ్లీ గీయించకండి. పిల్లవాడి ఇష్టం తెలుసుకోవాలంటే జడ్జిగారు వాడితో స్వయంగా మాట్లాడవచ్చు, కౌన్సిలర్‌కి అప్పగించవచ్చు. ఆ దారిలో వెళ్లమని మీ లాయరుగారిని అడగండి.

---

యూకేజీ మిస్ (విజయవాడ)

నేను కూడా సంతకం పెట్టనండీ. ఆ రోజు పిల్లవాడు ఏం గీశాడో, ఏమన్నాడో చెప్పగలను. దాని అర్థం ఇదీ అని రాసిచ్చే అర్హత నాకు లేదు.

---

అంగన్‌వాడీ అక్క (అమలాపురం)

మిస్ గారూ, మా సెంటరులో పిల్లలు ఎక్కువగా పలక మీదా, నేల మీద ముగ్గుపిండితోనూ గీస్తారు. నాకు కాగితాల శాస్త్రం తెలియదు కానీ ఒకటి చూశాను. కుటుంబం అంటే పిల్లల లెక్క వేరు. ఒక పాప పోయిన సంవత్సరం చనిపోయిన తాతయ్యని ఇంకా గీస్తూనే ఉంది. వాళ్ల అమ్మ దిష్టి తీయించింది, పిల్లకి ఏదో పట్టిందని. ‘తాతయ్య ఎక్కడున్నాడు’ అని పాపని అడిగితే ‘ఫొటోలో’ అంది. హాల్లో దండ వేసిన ఫొటో ఉంది, రోజూ దణ్ణం పెట్టుకుంటారు, మరి ఇంట్లో ఉన్నట్టే కదా. ఇంకో బాబు వాళ్ల మేకని గీశాడు, అన్నయ్యని గీయలేదు. ఆ పొద్దున్నే అన్నయ్య బలపం లాక్కున్నాడు.

కానీ నాకో భయం ఉంది. అందరికీ ‘కంగారుపడకండి’ అని రాస్తే, నిజంగా ఏదో జరుగుతున్న పిల్ల సంగతి కూడా తేలిగ్గా తీసేస్తారేమో? నాకు ఒకసారి అనుమానం వచ్చింది. బొమ్మ చూసి కాదు. నవ్వుతూ తిరిగే పిల్ల మూగగా అయిపోయింది, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది, ఒక బంధువు తీసుకెళ్లడానికి వస్తే నా వెనక దాక్కునేది. సూపర్‌వైజరు గారికి చెప్పాను. తర్వాత సంగతి ఇక్కడ రాయను.

---

విశాఖ తీరం

అక్కా, ఈ చర్చలో అన్నిటికంటే విలువైన మాట మీరు చెప్పారు. మీరు చూసింది మార్పు. ముందు ఎలా ఉండేది, ఇప్పుడు ఎలా ఉంది, ఎన్నాళ్లుగా, ఒక్క చోటేనా ఇంట్లో బడిలో కూడానా అన్నది చూశారు. నిద్రలో ఉలిక్కిపడి లేవడం, తిండి మానడం, పోయిన అలవాట్లు తిరిగి రావడం, ఫలానా మనిషి దగ్గరికి వెళ్లనని మొరాయించడం, ఇలాంటివి రెండు మూడు కలిసి కొన్ని వారాలు ఉంటే బొమ్మ ఉన్నా లేకపోయినా పట్టించుకోవాలి. ఇవేవీ లేకుండా బొమ్మలో నాన్న లేకపోతే, నాన్న బొమ్మలో లేడు, అంతవరకే.

ఒంటి మీద దాచుకునే భాగాలు గీసినప్పుడు టీచర్లు బాగా భయపడతారు. ఈమధ్యే తమ్ముడు పుట్టి, వాడికి స్నానం పోయడం చూసిన పిల్ల అది గీయవచ్చు. అదొక్కటే రుజువు కాదు, అలాగని దాచేయాల్సిందీ కాదు. అరవకుండా, చింపేయకుండా, పిల్ల అన్న మాట రాసిపెట్టి బడి కౌన్సిలర్‌కి ఇవ్వాలి. పిల్ల తన నోటితో ఎవరైనా ఏదైనా చేశారని చెబితే మాత్రం ఆలోచించేది లేదు. 2012 పోక్సో చట్టం ప్రకారం విన్నవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. 1098కి ఫోన్ చేసినా సాయం అందుతుంది.

అడగడంలో చాలా జాగ్రత్త ఉండాలి. ‘నాన్న కొట్టాడా?’ అని అయిదేళ్ల పిల్లని అడిగితే, పెద్దవాళ్లు కోరుతున్న జవాబు ఇదేనేమోనని ఊఁ అనే అవకాశం ఉంది. కాదన్నాక మళ్లీ అదే అడిగితే, మొదటి జవాబు తప్పు కాబోలనుకుని మార్చేస్తుంది. బడిలో మనం అలాగే కదా చేస్తాం, తప్పు జవాబు చెబితేనే మళ్లీ అడుగుతాం. మిస్ గారి పాప ‘బొమ్మ తప్పు గీశానా’ అనడానికి కారణం అదే. ‘నీ బొమ్మ గురించి చెప్పు’, ‘ఇక్కడ ఏం జరుగుతోంది?’, ‘ఇంకా?’ ఈ మూడు చాలు.

---

కడప బాబాయి

ఆ ప్రయోగం సంగతి రెండుసార్లు చదివాను. రంగు విషయంలో మాస్టారు చెప్పింది ఒప్పుకుంటాను. కానీ ఒక పిల్లవాడు పది బొమ్మల్లో పదిసార్లూ తండ్రిని అంచుకి నెట్టేస్తే దానికీ అర్థం లేదంటారా?

---

విశాఖ తీరం

పదిసార్లయితే నేనూ ఆగి అడుగుతాను బాబాయి గారూ. వేరు వేరు రోజుల్లో, పెద్ద కాగితం ఇచ్చినా, వేరేవాళ్లతో మొదలుపెట్టినా అలాగే వస్తుంటే అది చోటు చాలక వచ్చింది కాదు. అయినా దాని అర్థం ఇదీ అని చెప్పను, ‘ఈయన ఇక్కడ ఏం చేస్తున్నాడు?’ అని పిల్లవాణ్ణి అడుగుతాను. తండ్రి రాత్రి షిఫ్టు చేసి పగలు తలుపు వేసుకుని పడుకునే ఇంట్లో కూడా అలాగే రావచ్చు.

---

యూకేజీ మిస్ (విజయవాడ)

అందరికీ కృతజ్ఞతలు. ఉత్తరం తిరగరాశాను. ఇదీ:

‘తల్లిదండ్రులకు నమస్కారం.

మీ పాప లేదా బాబు గీసిన ‘నా కుటుంబం’ బొమ్మ పంపుతున్నాను. కాగితం వెనక తేదీ, ఎవరిని ముందు గీశారు, ఎవరిని చివర గీశారు, గీస్తూ ఏమన్నారు అన్నది పిల్లల మాటల్లోనే రాశాను. బొమ్మ చూసే ముందు అది చదవండి.

అయిదేళ్ల పిల్లలు కాగితంలో చోటు ముందుగా లెక్క చూసుకోరు. మొదట గీసినవారు పెద్దగా, చివర గీసినవారు చిన్నగా వస్తారు. ఒక్కోసారి ఎవరికో చోటే మిగలదు. కష్టమైన వాటిని, అంటే బండి, కుర్చీ, పక్కకు తిరిగిన మనిషి లాంటివి వదిలేస్తారు. చేతులు, పొట్ట లేకుండా మనిషిని గీయడం ఈ వయసులో మామూలే. ఇంట్లో ఆ పూట లేనివారిని వదిలేయవచ్చు, చనిపోయినవారిని, పెంపుడు జంతువులను చేర్చవచ్చు. అందువల్ల ఎవరు పెద్దగా ఉన్నారు, ఎవరు లేరు, ఏ రంగు వాడారు అన్నదాన్ని బట్టి పిల్లలకు ఎవరంటే ఇష్టం, ఎవరంటే భయం అన్నది చెప్పలేం. నేనూ చెప్పలేను.

ఈ బొమ్మ వల్ల తెలిసేవి కొన్ని ఉన్నాయి. ఈ మధ్య మీ పిల్లల మనసులో ఏం మెదులుతోంది, ఇంట్లో ఎవరెవరిని తనవారిగా లెక్కపెడుతున్నారు, ఏ చిన్న వివరాలు గమనిస్తున్నారు అన్నవి. అవి కూడా పిల్లలు చెబితేనే తెలుస్తాయి. పక్కన కూర్చుని ‘నీ బొమ్మ గురించి చెప్పు’ అనండి. చెప్పింది వినండి. ‘నన్నెందుకు గీయలేదు?’, ‘నాన్నంటే ఇష్టం లేదా?’ అని అడగకండి. ఒకసారి చెప్పినదాన్ని మళ్లీ మళ్లీ అడగకండి. పిల్లల ముందు బొమ్మను చూపించి బంధువులతో చర్చించకండి.

బొమ్మతో సంబంధం లేకుండా, మీ పిల్లల నిద్ర, తిండి, ఆట, మాట కొన్ని వారాలుగా మారిపోయాయని మీకు అనిపిస్తే నన్ను కలవండి. బడిలో నేను గమనించినా మీకు చెబుతాను.

మీ పిల్లల క్లాస్ టీచర్’

1098 నంబరు ఇందులో పెట్టాలా వద్దా అన్నదే తేల్చుకోలేకపోతున్నాను. కౌన్సిలర్ మేడం పెట్టమంటున్నారు. బొమ్మల ఉత్తరంలో ఆ నంబరు చూస్తే తండ్రులందరూ తమని అనుమానిస్తున్నామనుకుంటారని ప్రిన్సిపల్ గారు అంటున్నారు.

---

అంగన్‌వాడీ అక్క (అమలాపురం)

పెట్టండి మిస్ గారూ. అనుకుంటే అనుకోనివ్వండి. ఆ నంబరు అవసరమైన ఇంట్లో దాన్ని ఇంకెవరూ చెప్పరు.

---

డ్రాయింగ్ మాస్టారు (రాజమండ్రి)

నేను ప్రిన్సిపల్ గారి పక్షం. ఈ ఉత్తరం చెప్పేదే బొమ్మ చూసి అనుమానపడవద్దని. అదే కాగితం చివర ఆ నంబరు ఉంటే మొత్తం ఉత్తరం తలకిందులవుతుంది. పిల్లల భద్రత గురించి వేరే ఉత్తరం, వేరే రోజు, అందరికీ పంపండి. ఒక సంవత్సరమే కాదు, ప్రతి సంవత్సరం మొదటి వారంలో.

---

విశాఖ తీరం

నేను అక్క పక్షమే, కానీ మాస్టారి అభ్యంతరంలో న్యాయం ఉంది. నంబరును ప్రతి పిల్లవాడి డైరీ మొదటి పేజీలో వేయిస్తే రెండూ కుదురుతాయేమో, మీ బడిలో వీలవుతుందా చూడండి. ఉత్తరంలో ఒక మార్పు మాత్రం చేయండి. ‘కొన్ని వారాలుగా’ అన్నచోట ‘లేదా పిల్లలు ఎవరి గురించైనా భయంగా ఏదైనా చెబితే వెంటనే’ అని చేర్చండి. అలాంటప్పుడు వారాలు ఆగకూడదు.

---

యూకేజీ మిస్ (విజయవాడ)

ఆ వాక్యం చేర్చాను. డైరీలు ఈ సంవత్సరానికి అచ్చయిపోయాయి, అట్ట లోపలి వైపు స్టిక్కరు అంటించవచ్చేమో అడుగుతాను. ఉత్తరం గురువారం వెళుతుంది. ‘నా కుటుంబం’ రెండో బొమ్మ వచ్చే నెల ఏ3 కాగితం మీద గీయిస్తున్నాను, వెనక రాసే పని కోసం ఆయాని కూడా కూర్చోబెట్టుకుంటాను, ఒక్కదాన్నే అందరి మాటలూ అందుకోలేను. గోడకి అంటించేటప్పుడు ఈసారి వెనక ఉన్న మాటలు కూడా పక్కన రాసి పెట్టాలా, లేక అవి ఆ ఇంటివాళ్లకే చూపించాలా? పిల్లలు చెప్పినవాటిలో ఇంటి సంగతులు ఉంటాయి.

---

అయిదేళ్ల బాబు అమ్మ

ఇంటివాళ్లకే చూపించండి మిస్. మా బాబు ఏం చెబుతాడో నాకు తెలియదు. ఇందాక బొడ్డు పెట్టమన్నాను మాస్టారూ, రెండు కాళ్ల మధ్య పెట్టాడు.